వైఫై ఛానల్ వెడల్పు 20, 40, 80, 160: అపార్ట్‌మెంట్‌లో ఏది పెట్టుకోవాలి?

కూకట్‌పల్లిలో ఉండే మా బావగారు మొన్న రాత్రి ఫోన్ చేశారు. "నూట యాభై ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాను, స్పీడ్ టెస్ట్‌లో నూట నలభై వస్తోంది. మరి ఆఫీసు మీటింగ్‌లో నా గొంతు ఎందుకు తెగిపోతోందోయ్?" అని అడిగారు. ఆయన రూటర్ సెట్టింగులు అడిగి తెలుసుకున్నాను. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఛానల్ 36, వెడల్పు 80 మెగాహెర్ట్జ్. కనెక్షన్ ఇచ్చినవాళ్లు పెట్టి వెళ్లింది అదే, ఎవరూ ముట్టుకోలేదు. ఆ భవనంలో ఐదు అంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు. మిగతా ఇళ్లలోని రూటర్లనూ ఎవరూ ముట్టుకుని ఉండరని అప్పుడే అనిపించింది. ఆదివారం వెళ్లి కొలిచాను. ఆ లెక్కలు తర్వాత చెబుతాను. ముందు వెడల్పు పెరిగితే ఏం వస్తుందో, ఏం పోతుందో చూద్దాం.

వెడల్పు ఇచ్చేదీ, అడిగేదీ

రెండు యాంటెనాలున్న మామూలు ఫోను, వైఫై 5 రూటర్ కలిసి పనిచేస్తుంటే కాగితం మీద గరిష్ఠ వేగం 20 మెగాహెర్ట్జ్‌లో సుమారు 173 ఎంబీపీఎస్, 40లో 400, 80లో 866. నిజంగా చేతికి అందేది ఇందులో సగం, ఇంకొంచెం ఎక్కువ. అంటే 40 పెట్టినా దగ్గర్లో కూర్చుంటే రెండు వందల పైమాటే. ఇక్కడే మొదటి ప్రశ్న వేసుకోవాలి: మీ ప్లాన్ ఎంత? వంద, నూట యాభై, రెండు వందలు అయితే 80 ఇచ్చే అదనపు వేగానికి బయటికి వెళ్లే దారి లేదు. అది మీ గదికీ రూటర్‌కీ మధ్యే మిగిలిపోతుంది. ఇంట్లోనే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పెద్ద ఫైళ్లు పంపుకునేవాళ్లకు తప్ప దానితో పనిలేదు.

ఇక అడిగేది. రూటర్ ప్రసారం చేసే మొత్తం శక్తికి హద్దు ఉంటుంది. వెడల్పు రెట్టింపు చేస్తే అదే శక్తి రెట్టింపు మేర పరుచుకోవాలి. అతిథులు పెరిగితే మజ్జిగలో నీళ్లు పోసినట్టే. ఇదే నష్టాన్ని వినేవైపు నుంచి చూస్తే, పరికరం రెట్టింపు మేర చెవి పెట్టాలి కనుక దానిలోకి వచ్చే రొద రెట్టింపవుతుంది. లెక్కలో ఇది 3 డెసిబెళ్లు. 20 నుంచి 80కి వెళితే 6 డెసిబెళ్లు, 160కి వెళితే 9. హాల్లో రూటర్ పక్కన కూర్చున్నవారికి ఈ తేడా తెలియదు. డీబీఎం అనేది సిగ్నల్ బలానికి కొలత, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం. రెండు గోడల అవతల పడకగదిలో సిగ్నల్ మైనస్ 68 డీబీఎం దగ్గర ఉన్నవారికి మాత్రం 6 డెసిబెళ్లంటే చిన్న విషయం కాదు. అక్కడ పరికరం నెమ్మదైన, గట్టి సంకేత పద్ధతికి దిగిపోతుంది. కాబట్టి వెడల్పు రెట్టింపైనా వేగం రెట్టింపు కాదు, ఇల్లు చివర్లో ఒక్కోసారి అసలు పెరగదు.

అయితే అపార్ట్‌మెంట్‌లో అసలు తంటా ఈ బలహీనత కాదు. పొరుగువారు.

మంచం మోసుకెళ్లే వరండా

వెడల్పాటి ఛానల్‌ను వెడల్పాటి రోడ్డుతో పోలుస్తుంటారు. ఆ పోలిక తప్పుదారి పట్టిస్తుంది. రోడ్డు మీద ఒక వరుసలో లారీ ఉన్నా పక్క వరుసలో మనం పోవచ్చు. వైఫైలో అలా కాదు. పాత ఇళ్లలోని ఉమ్మడి వరండా అనుకోండి. డబుల్ కాట్ మోసుకెళ్లాలంటే వరండా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఖాళీగా ఉండాలి. బిందె పట్టుకున్న మనిషి మూల నుంచి తప్పుకుని పోతాడు.

వైఫై పరికరం మాట్లాడేముందు వింటుంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. 80 మెగాహెర్ట్జ్ ఛానల్ అంటే నాలుగు 20 మెగాహెర్ట్జ్ ముక్కలు, ఉదాహరణకు 36, 40, 44, 48 నంబర్లవి. వాటిలో ఒకటి ముఖ్య ఛానల్, మిగతా మూడు తోడు ముక్కలు. తోడు ముక్కలో ఎవరో మాట్లాడుతుంటే మంచి రూటర్ ఆ విడతకు వెడల్పు తగ్గించుకుని ఖాళీ భాగంలో పంపుతుంది. అంతగా తెలివిలేనిది మొత్తం ఖాళీ అయ్యేదాకా నిలబడి ఉంటుంది. చౌక రూటర్ల పెట్టె మీద ఇది ఏ రకమో రాసి ఉండదు.

అంతకన్నా చెడ్డది ఇంకొకటుంది. ముఖ్య ఛానల్‌లో పరికరం చెవి చాలా పదును, మైనస్ 82 డీబీఎం స్థాయిలో వచ్చే పొరుగింటి గుసగుస కూడా దానికి వినిపించాలి. తోడు ముక్కల్లో ఆ పదును ఉండదు. పది నుంచి ఇరవై డెసిబెళ్లు గట్టిగా వినిపిస్తే తప్ప అక్కడ ఎవరో ఉన్నారని అది గుర్తించదు. మీ ముఖ్య ఛానల్ 36, ఎదురింటివారి ముఖ్య ఛానల్ 48, ఇద్దరిదీ 80 వెడల్పు అనుకోండి. రెండూ ఒకే స్థలంలో ఉన్నా ఒకరి మాట ఒకరికి సరిగా అందదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, రెండు ప్యాకెట్లూ పాడవుతాయి, మళ్లీ పంపాలి. స్పీడ్ టెస్ట్ సగటు లెక్క చూపిస్తుంది కనుక ఇది అందులో కనపడదు. వీడియో కాల్‌లో గొంతు తెగడం, ఆటలో బొమ్మ ఆగి గెంతడం ఇలాంటి క్షణాల వల్లే.

దీని నుంచి చాలామందికి వింతగా తోచే సలహా ఒకటి వస్తుంది: పొరుగువారితో ఒకే 80 మెగాహెర్ట్జ్ స్థలం పంచుకోక తప్పకపోతే, వారి ముఖ్య ఛానల్ నంబరే మీరూ పెట్టుకోండి. దూరంగా జరిగామనుకుని 36కు బదులు 44 పెడితే వరుసలో నిలబడటం మానేసి ఒకరినొకరు గుద్దుకోవడమే మిగులుతుంది.

బావగారింట్లో కొలిచినవి

రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాను, ఎందుకంటే పగలు కొలిస్తే భవనమంతా ఖాళీగా ఉంటుంది, అన్నీ బాగానే కనిపిస్తాయి. ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ తెరిస్తే 5 గిగాహెర్ట్జ్‌లో ఇతరుల నెట్‌వర్క్‌లు పది వినిపించాయి. ఎనిమిది 36 నుంచి 48 స్థలంలో, అన్నీ 80 వెడల్పుతో. పైన 149 నుంచి 161 స్థలంలో రెండే: ఒకటి పక్క ఫ్లాట్‌ది, 149 దగ్గర 40 వెడల్పు, మైనస్ 61. ఇంకొకటి ఎక్కడో కింది అంతస్తుది, 80 వెడల్పు, మైనస్ 79. మధ్యలో 100 నుంచి 144 వరకు ఎవరూ లేరు. దాని సంగతి తర్వాత.

పడకగదిలో ఆయన లాప్‌టాప్ పెట్టి, ఇంటర్నెట్‌కు కాకుండా రూటర్‌కే పింగ్, అంటే వెళ్లి వచ్చే సమయం కొలిచే చిన్న ప్యాకెట్లు, పంపాను. ఇంటర్నెట్‌కు పంపితే బయటి ఆలస్యమూ కలిసి వస్తుంది, వైఫై తప్పెంతో తేలదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇచ్చిన ఆదేశాలివి, మీ రూటర్ చిరునామా వేరే ఉంటే అది పెట్టండి:

```
ping -n 300 192.168.1.1
netsh wlan show interfaces
```

మొదటి ఆదేశం ఐదు నిమిషాలు పడుతుంది. చివర్లో ఎన్ని పోయాయో, గరిష్ఠం ఎంతో చెబుతుంది. రెండోది ఇప్పుడు ఏ ఛానల్‌లో ఎంత లింక్ వేగంతో ఉన్నారో చూపిస్తుంది. లాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టి ఉంచండి. బ్యాటరీ మీద ఉంటే వైఫై కార్డు మధ్యమధ్యలో కునుకు తీస్తుంది, ఆ ఆలస్యాన్ని ఛానల్ మీద వేస్తాం.

ఉన్నదున్నట్టుగా, అంటే ఛానల్ 36, వెడల్పు 80తో: సగటు 14 మిల్లీ సెకన్లు, గరిష్ఠం 412, మూడు వందల్లో తొమ్మిది పోయాయి. పక్క గదిలో ఉన్న రూటర్‌కు వెళ్లి రావడానికి నాలుగు వందల మిల్లీ సెకన్లు! వేగం 35కూ 120కీ మధ్య ఊగుతోంది. సాయంత్రం నూట నలభై వచ్చిందని ఆయన చెప్పింది నిజమే, అది హాల్లో సోఫా మీద నుంచి.

తర్వాత ఛానల్ కదపకుండా వెడల్పు మాత్రం 40కి తగ్గించాను. సగటు 11, గరిష్ఠం 290, పోయినవి ఐదు. కాస్త నయమే, కానీ సమస్య తీరలేదు. ఇది గమనించాల్సిన చోటు. "వెడల్పు తగ్గిస్తే స్థిరపడుతుంది" అని అందరూ చెబుతారు. ఎనిమిది ఇళ్లవారు 80 వెడల్పుతో 36 నుంచి 48 దాకా పరుచుకుని ఉంటే, అందులో మీరు 40 పెట్టినా 20 పెట్టినా వారి కిందే ఉన్నారు. వెడల్పు తగ్గించడం వల్ల ఖాళీ పుట్టదు. ఎక్కడో ఉన్న చిన్న ఖాళీలో ఇమడగలిగే వీలు మాత్రమే వస్తుంది.

మూడోసారి 149కి మార్చి మళ్లీ 80 పెట్టాను. సగటు 5, గరిష్ఠం 160, పోయినవి రెండు. లింక్ వేగం 390, 520 మధ్య. స్పీడ్ టెస్ట్ 140. ఇక్కడితో ఆపేయాలని బావగారు అన్నారు. కానీ పక్క ఫ్లాట్‌లో టీవీ మొదలైనప్పుడల్లా పింగ్ నూరు దాటుతోంది. ముఖ్య ఛానల్ ఒకటే కనుక గుద్దుకోవడం తగ్గింది, వరుసలో వేచి ఉండటం మిగిలింది.

నాలుగోసారి 157, వెడల్పు 40. అంటే 157, 161 ముక్కలు మాత్రమే. పక్క ఫ్లాట్‌వారు 149, 153 మీద ఉన్నారు కాబట్టి వారితో పోటీ పోయింది. మిగిలింది మైనస్ 79లో వినిపించే ఒకే ఒక్క దూరపు నెట్‌వర్క్. సగటు 3, గరిష్ఠం 38, ఒక్కటీ పోలేదు. లింక్ వేగం 270, 300 మధ్యకు పడిపోయింది, స్పీడ్ టెస్ట్ మాత్రం 145 దగ్గర కదలకుండా నిలబడింది. లింక్ వేగం మూడింట ఒక వంతు దాకా తగ్గినా ఇంటర్నెట్ వేగం కొంచెం పెరిగిందన్నది ఆయనకు ఎంతకీ నమ్మబుద్ధి కాలేదు. ఇంకో రెండుసార్లు నడిపించి చూపించాను.

మరి ఏది ఎంచుకోవాలి

2.4 గిగాహెర్ట్జ్‌లో ఆలోచించే పనే లేదు: 20. ఆ బ్యాండ్ మొత్తం ఎనభై మెగాహెర్ట్జ్ చిల్లర, ఒకదానిమీద ఒకటి పడకుండా పట్టేవి 1, 6, 11 అనే మూడు ఛానళ్లే. 40 పెడితే మీరొక్కరే మూడింట రెండు వంతులు ఆక్రమిస్తారు, అదీ బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ ఉన్న చోట. పొరుగు నెట్‌వర్క్ కనపడితే 40 నుంచి 20కి దిగాలని ప్రమాణం చెబుతుంది. కొన్ని రూటర్లలో ఆ మర్యాదను ఆపేసే మీట కూడా ఇస్తారు. దాన్ని ముట్టుకోవద్దు. 3, 9 లాంటి ఛానళ్లు ఖాళీగా కనిపించినా అటు వెళ్లవద్దు, అక్కడ ఇరువైపులవారి రొదా మీకే, మీ రొద ఇరువైపులవారికీ.

5 గిగాహెర్ట్జ్‌లో అపార్ట్‌మెంట్ అయితే, ప్లాన్ రెండు వందల లోపు అయితే, నా ఓటు 40కి. 80 పెట్టుకోవచ్చా అనేది అనలైజర్ చెబుతుంది. మీ 80 స్థలంలో మైనస్ 75 కన్నా గట్టిగా ఎవరూ వినిపించకపోతే పెట్టుకోండి, తప్పులేదు. పొలాల మధ్య ఇల్లు, చుట్టూ ప్రహరీ ఉన్న సొంత ఇల్లు, ఊళ్లో రెండిళ్ల అవతలే మరో రూటర్ ఉన్న చోట 80 పెట్టుకోకపోవడమే నష్టం. మూడు వందలు, ఐదు వందల ప్లాన్ తీసుకుని రద్దీ భవనంలో ఉంటున్నవారిది నిజంగా ఇరకాటం. వారికి నేను చెప్పేది, వేగం కావాల్సిన ఒక్క టీవీకో కంప్యూటర్‌కో కేబుల్ లాగి, వైఫైని 40లో వదిలేయమని. గోడ వెంట తీగ కనిపిస్తుందని ఇంట్లోవారు ఒప్పుకోకపోతే నేను చేయగలిగింది లేదు.

5 గిగాహెర్ట్జ్‌లో 20 కూడా పనికిరానిదేమీ కాదు. ఇరవై, ముప్పై నెట్‌వర్క్‌లు వినిపించే హాస్టళ్లు, పేయింగ్ గెస్టు భవనాలు, కల్యాణ మండపాల్లో నెట్‌వర్క్ ఇంజినీర్లు 20తోనే మొదలుపెడతారు. ఒక్కొక్కరికి గరిష్ఠంగా తొంభై ఎంబీపీఎస్ మాత్రమే వచ్చినా అందరికీ వరుస త్వరగా కదులుతుంది.

160 విషయంలో తొందరపడి డబ్బు పెట్టవద్దు. 36 నుంచి 64 దాకా ఎనిమిది ముక్కలూ ఖాళీగా ఉండే అపార్ట్‌మెంట్ నేనైతే చూడలేదు. పైగా ఫోను కూడా 160 పట్టగలగాలి. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగిపోతాయి, అలాంటివాటికి రూటర్‌లో ఎంత పెట్టినా ఒకటే.

ఇప్పుడు ఆ ఖాళీగా ఉన్న 100 నుంచి 144 సంగతి. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్‌లో ఈ మధ్య భాగాన్ని లైసెన్స్ అక్కర్లేకుండా తెరిచింది 2018లో. రూటర్ దాన్ని చూపిస్తే రద్దీ భవనంలో అది వరమే, అక్కడ 80 కూడా హాయిగా నడుస్తుంది. చిక్కులు రెండు. ఆ భాగంలో రాడార్లు పనిచేస్తాయి కనుక చాలా రూటర్లు అక్కడికి వెళ్లేముందు కనీసం ఒక నిమిషం మౌనంగా విని, రాడార్ లేదని తేలాకే మాట్లాడతాయి. మధ్యలో రాడార్ లాంటిది వినిపిస్తే కొన్ని సెకన్లలో ఛానల్ ఖాళీ చేసి వేరే చోటికి గెంతుతాయి. అప్పుడు కాల్ తెగుతుంది. వెడల్పు ఎక్కువైతే వినాల్సిన మేర పెరిగి, ఈ పొరపాటు హెచ్చరికలకు అవకాశమూ పెరుగుతుంది. విమానాశ్రయం దగ్గర్లో ఉంటే ఇది రోజూ ఎదురుకావచ్చు. రెండోది, కొన్ని పాత టీవీలు, టీవీకి తగిలించే చిన్న స్టిక్‌లు ఆ ఛానళ్లను చూడనే చూడవు. రూటర్ బాగుంది, ఫోను బాగుంది, టీవీలో మాత్రం నెట్‌వర్క్ పేరే రావడం లేదంటే కారణం ఇదే కావచ్చు. బావగారి రూటర్‌లో ఆ ఛానళ్లు జాబితాలోనే లేవు కనుక ఆ ముచ్చట తీరలేదు.

అమెరికాలో ఉంటున్నవారికి లెక్క వేరు. అక్కడ 2020లో 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 1200 మెగాహెర్ట్జ్ తెరిచారు. అందులో 80 మెగాహెర్ట్జ్ స్థలాలు పద్నాలుగు, 160వి ఏడు పడతాయి. ఇంట్లో వాడే రూటర్లకు అక్కడ శక్తి హద్దును ప్రధానంగా మెగాహెర్ట్జ్‌కు ఇంత అని పెట్టారు. వెడల్పు రెట్టింపు చేస్తే పంపగల మొత్తం శక్తీ రెట్టింపు అవుతుంది. అంటే మనం ముందు చెప్పుకున్న పలచబడే నష్టం అక్కడ దాదాపు లేదు. 40 పెట్టి పొదుపు చేశామనుకుంటే శక్తి తగ్గి దూరం చేరడంలో నష్టపోతారు. న్యూజెర్సీ అపార్ట్‌మెంట్‌లో అయినా 6 గిగాహెర్ట్జ్‌లో 160 పెట్టుకోండి. గోడలు దాటడంలో మాత్రం అది 5 కన్నా బలహీనమే, రెండో పడకగదికి 5 గిగాహెర్ట్జ్‌ను ఉంచుకోండి.

`Auto` అని ఉన్న చోట

చాలా రూటర్లలో ఛానల్‌కు `Auto`, వెడల్పుకు `20/40/80 MHz` అని ఉంటుంది. రెండోది ఉంటే రూటర్ గరిష్ఠంగా 80 వాడుకుంటుందని అర్థం, రద్దీ చూసి తగ్గించుకుంటుందని కాదు. మొదటిదానికి మన ఊళ్లలో ఒక ప్రత్యేకమైన రోగం ఉంది. కరెంటు పోయి వస్తే భవనంలోని రూటర్లన్నీ ఒకే నిమిషంలో లేస్తాయి. ప్రతిదీ చుట్టూ విని, ఇంకా ఎవరూ లేవలేదు కనుక అంతా ఖాళీ అనుకుని, ఒకే ఛానల్ మీద కూర్చుంటుంది. ఆ తర్వాత కొన్ని రూటర్లు మళ్లీ చూసుకుంటాయి, కొన్ని మళ్లీ కరెంటు పోయేదాకా కదలవు. "నిన్నటిదాకా బాగానే ఉంది" అనే ఫిర్యాదు వస్తే నేను మొదట అడిగేది, రాత్రి కరెంటు పోయిందా అని. అందుకే ఛానల్, వెడల్పు రెండూ చేత్తో పెట్టి ఉంచడమే మేలు, నెలకొకసారి రాత్రి పూట అనలైజర్ తెరిచి చూసుకునే ఓపిక ఉంటే.

బావగారికి ఆ ఓపిక వచ్చింది. మూడు వారాల తర్వాత మళ్లీ ఫోన్ చేశారు. ఎదురు ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చినవారు 161 మీద రూటర్ పెట్టారట, మైనస్ 55లో వినిపిస్తోందట. పక్క ఫ్లాట్‌వారు వేసవి సెలవులకు ఊరెళ్లారు కనుక 149కి మారి 40లోనే ఉన్నానని, గరిష్ఠ పింగ్ 44 అని చెప్పారు. వాళ్లు తిరిగొచ్చాక ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదట.